12 వాట్ల ట్రాన్సిస్టర్‌కు ఏ హీట్ సింక్: పెద్ద సింకా, పెద్ద ప్యాకేజీనా?

పవర్ ట్రాన్సిస్టర్ చేయి పెట్టలేనంతగా వేడెక్కుతున్నప్పుడు, ఉన్నదాని కన్నా పెద్ద హీట్ సింక్ బిగించడమే చాలామందికి తోచే మొదటి పరిష్కారం. కొన్ని సందర్భాలలో అది సరైనదే. అయితే వేడి పుట్టేది సిలికాన్ ముక్కలోని జంక్షన్ దగ్గర. అది బయటి గాలిలో కలిసేలోపు దాటవలసిన అడ్డంకులు మూడు ఉంటాయి, వాటిలో సింక్ చివరిది మాత్రమే. మొదటి రెండు అడ్డంకులే అనుమతించిన డిగ్రీలలో సగానికి పైగా మింగేస్తుంటే సింక్‌ను ఎంత పెంచినా ఫలితం కొద్దిగానే కనిపిస్తుంది. అందువల్ల ఈ పోలికలో సింక్‌లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడడం కన్నా, ఒకే పనికి ట్రాన్సిస్టర్, దాని బిగింపు, సింక్ అనే మూడింటినీ కలిపి ఎన్ని విధాలుగా అమర్చవచ్చో, ఏ అమరిక ఎప్పుడు గెలుస్తుందో చూద్దాం.

ఉదాహరణగా ఒక సాధారణ లీనియర్ పవర్ సప్లైని తీసుకుందాం. దీని అవుట్‌పుట్ 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. ఫిల్టర్ కెపాసిటర్ మీద పూర్తి లోడ్‌లో సగటున 18 వోల్టులు ఉంటాయి. సిరీస్ పాస్ ట్రాన్సిస్టర్‌గా TO-220 ప్యాకేజీలో దొరికే TIP41C ను పెట్టాలన్నది మొదటి ఆలోచన. ఇది మూసిన పెట్టెలో పనిచేస్తుంది, వేసవిలో ఆ పెట్టె లోపలి గాలి 50 °C కు చేరుతుందని అనుకుందాం.

ముందుగా వాట్లు తేల్చుకోవాలి

సిరీస్ ట్రాన్సిస్టర్‌లో వ్యయమయ్యే శక్తి దాని మీద పడే వోల్టేజీని దానిలో ప్రవహించే కరెంటుతో గుణిస్తే వస్తుంది. 18 వోల్టుల నుంచి 12 తీసివేస్తే 6 వోల్టులు, దానిని 1.5 ఆంపియర్లతో గుణిస్తే 9 వాట్లు. ఇక్కడే ఆగిపోయి సింక్ కొంటే అది తప్పుడు సింక్ అవుతుంది. మెయిన్స్ వోల్టేజీ 10 శాతం పెరిగిన రోజున కెపాసిటర్ మీద దాదాపు 20 వోల్టులు ఉంటాయి. అవుట్‌పుట్ మాత్రం 12 దగ్గరే స్థిరంగా ఉంటుంది కనుక పెరిగిన 2 వోల్టులూ ట్రాన్సిస్టర్ మీదే పడతాయి. అప్పుడు వ్యయం 12 వాట్లు. మెయిన్స్ పదో వంతు పెరిగితే ట్రాన్సిస్టర్‌లో వేడి మూడో వంతు పెరిగిందన్న మాట. లీనియర్ సప్లైలలో హీట్ సింక్ లెక్కలు తప్పడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. సూత్రం తప్పి కాదు, అందులో వేసిన వాట్లు తక్కువై.

కాబట్టి మన లెక్కకు 12 వాట్లు. బేస్ కరెంటు వల్ల పుట్టే వేడి దీనితో పోలిస్తే చాలా స్వల్పం, దానిని వదిలేయవచ్చు.

జంక్షన్ హద్దు, అందులో మనం వాడుకునే భాగం

TIP41C జంక్షన్‌కు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రత 150 °C. ఆ హద్దు దాకా వెళ్ళి డిజైన్ చేయకూడదు. ఒక 25 డిగ్రీలు వెనక్కి జరిగి 125 °C ను లక్ష్యంగా పెట్టుకోవడం మంచి అలవాటు, ఎందుకంటే మన లెక్కలోని ప్రతి సంఖ్యలోనూ కొంత అనిశ్చితి ఉంటుంది, పైగా జంక్షన్ ఎంత చల్లగా ఉంటే ట్రాన్సిస్టర్ అంత ఎక్కువ కాలం మన్నుతుంది. పెట్టెలోని గాలి 50 డిగ్రీలు కనుక జంక్షన్‌కూ గాలికీ మధ్య మనం ఖర్చు పెట్టుకోగలిగినవి 75 డిగ్రీలు.

ఈ 75 డిగ్రీలు మూడు చోట్ల ఖర్చవుతాయి. జంక్షన్ నుంచి ట్రాన్సిస్టర్ లోహపు వెనుక భాగం వరకు, అక్కడి నుంచి సింక్ వరకు, సింక్ నుంచి గాలి వరకు. ప్రతి చోటా ఒక వాట్ వేడి ప్రవహించడానికి ఎన్ని డిగ్రీల తేడా కావాలో చెప్పేదే ఉష్ణ నిరోధం. డేటాషీట్లలో దీనినే థర్మల్ రెసిస్టెన్స్ అని ఇస్తారు. అవి వరుసగా ఉంటాయి కనుక కూడితే సరిపోతుంది. కింది సూత్రంలో Tj జంక్షన్ ఉష్ణోగ్రత, Ta గాలి ఉష్ణోగ్రత, P వాట్లు; RθJC జంక్షన్ నుంచి కేస్ అనే ఆ లోహపు భాగం వరకు, RθCS కేస్ నుంచి సింక్ వరకు, RθSA సింక్ నుంచి గాలి వరకు ఉండే నిరోధాలు.

```
Tj = Ta + P × (RθJC + RθCS + RθSA)
RθSA ≤ (Tj − Ta) / P − RθJC − RθCS
```

75 ను 12 తో భాగిస్తే వాట్‌కు 6.25 °C. మూడు నిరోధాలూ కలిసి దీనిని మించకూడదు. TIP41C లో జంక్షన్ నుంచి కేస్ వరకు నిరోధం వాట్‌కు 1.92 °C అని డేటాషీట్ చెబుతుంది. ఇది ప్యాకేజీ లోపలి విషయం, బిగించేవారు దీనిని మార్చలేరు.

ఇక్కడ ఒక పక్క మాట. అదే డేటాషీట్ మొదటి పేజీలో 65 వాట్లు అని పెద్దగా కనిపిస్తుంది. అది చూసి 12 వాట్లు దీనికి ఒక లెక్కా అనిపించడం సహజం. కానీ ఆ 65 వాట్లు కేస్‌ను ఎలాగో 25 °C దగ్గర పట్టి ఉంచగలిగినప్పటి సంగతి. 150 నుంచి 25 తీసివేసి 1.92 తో భాగిస్తే వచ్చేది అదే. గాలితో చల్లబడే ఏ సింక్ మీదా అది సాధ్యపడదు. సింక్ అసలు లేకుండా వదిలేస్తే జంక్షన్ నుంచి గాలి వరకు నిరోధం వాట్‌కు 62.5 °C, మన 75 డిగ్రీలలో అది మోయగలిగేది 1.2 వాట్లు మాత్రమే. 65 కూ 1.2 కూ మధ్య ఎక్కడ నిలుస్తామన్నది పూర్తిగా బిగింపు మీదా సింక్ మీదా ఆధారపడుతుంది.

మొదటి అమరిక: ఒక TIP41C, మైకా రేకు, పెద్ద సింక్

ట్రాన్సిస్టర్ లోహపు భాగం కలెక్టర్‌కు కలిసి ఉంటుంది కాబట్టి మన సప్లైలో దాని మీద 20 వోల్టులు ఉంటాయి. సింక్‌ను పెట్టెకు నేరుగా బిగించాలంటే మధ్యలో విద్యుత్తును ఆపే పొర ఒకటి కావాలి. మైకా రేకుకు రెండు వైపులా పలచగా థర్మల్ గ్రీజు పూసి, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేసి బిగిస్తే TO-220 కి కేస్ నుంచి సింక్ వరకు నిరోధం వాట్‌కు 1.5 °C అని లెక్కలోకి తీసుకోవచ్చు. గ్రీజు లేకుండా పొడి మైకాను పెడితే ఇది 3 ను దాటిపోతుంది, ఎందుకంటే కంటికి నున్నగా కనిపించే రెండు లోహపు తలాల మధ్య నిజానికి నిండా గాలి ఖాళీలే ఉంటాయి, గాలి వేడిని సరిగా మోయదు.

6.25 నుంచి 1.92 నూ 1.5 నూ తీసివేస్తే సింక్‌కు మిగిలేది వాట్‌కు 2.83 °C. అంటే జంక్షన్‌కూ సింక్‌కూ మధ్యనే 41 డిగ్రీలు ఖర్చైపోతాయి, సింక్‌కు 34 మాత్రమే దక్కుతాయి. ఇందులో సగానికి పైగా ఖర్చు సింక్ దాకా చేరకముందే జరిగిపోతోందన్నది గమనించవలసిన విషయం.

ఇప్పుడు కేటలాగ్‌లో 2.8 అని రాసి ఉన్న సింక్ కొనవచ్చా? కొనకూడదు. సహజంగా లేచే గాలితో చల్లబడే సింక్‌కు ఉష్ణ నిరోధం స్థిరమైన సంఖ్య కాదు. సింక్ ఎంత వేడెక్కితే చుట్టూ గాలి అంత జోరుగా పైకి లేస్తుంది, అందువల్ల నిరోధం కొంత తగ్గుతుంది. చల్లగా ఉంటే పెరుగుతుంది. చాలామంది తయారీదారులు సింక్ గాలి కన్నా 75 డిగ్రీలు పైన ఉన్నప్పటి విలువను, అంటే తమకు అనుకూలమైన విలువను ఇస్తారు. ఉష్ణోగ్రతల తేడా నిష్పత్తికి నాలుగో మూలం తీసుకుంటే దిద్దుబాటు ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

```
(75 / 34)^0.25 ≈ 1.22
2.83 / 1.22 ≈ 2.3
```

కాబట్టి కేటలాగ్‌లో వాట్‌కు 2.3 °C లేదా అంతకన్నా తక్కువ అని ఉన్నదే కావాలి. 12 వాట్ల పనికి ఇది గణనీయమైన పరిమాణం గల అల్యూమినియం దిమ్మె. కేటలాగ్‌లో ఒక్క సంఖ్య కాకుండా వాట్లకు ఎదురుగా ఉష్ణోగ్రత పెరుగుదలను చూపే గీత ఉంటే ఈ దిద్దుబాటు అవసరం ఉండదు. 12 వాట్ల దగ్గర గీత 34 డిగ్రీల కింద ఉందా లేదా అని చూస్తే చాలు. గీత ఇచ్చే తయారీదారుని ఎంచుకోవడానికి అదొక మంచి కారణం.

రెండో అమరిక: మైకా లేకుండా నేరుగా

మైకాను తీసేసి గ్రీజుతో మాత్రమే బిగిస్తే కేస్ నుంచి సింక్ వరకు నిరోధం వాట్‌కు 0.5 °C దగ్గరకు దిగుతుంది. సింక్‌కు మిగిలేది 3.83, దిద్దుబాటు తరువాత కేటలాగ్‌లో 3.4 అని ఉన్నది సరిపోతుంది. ఒక రేకు తీసేసినందుకు సింక్ మూడో వంతు చిన్నదైంది. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే సింక్ మొత్తం 20 వోల్టుల మీద ఉంటుంది, దానిని పెట్టె నుంచి ప్లాస్టిక్ స్తంభాలతో వేరుగా నిలబెట్టాలి, ఏ వైరు ముక్కైనా జారి సింక్‌కూ పెట్టెకూ మధ్య పడితే కెపాసిటర్ మొత్తం దాని గుండా ఖాళీ అవుతుంది. సింక్ పెట్టె లోపలే ఉండి, దాని మీద వేరే ట్రాన్సిస్టర్ ఏదీ లేకపోతే ఇది గౌరవప్రదమైన మార్గమే. సింక్ పెట్టె వెనుక గోడ మీద బయటకు కనిపించేలా ఉంటే మాత్రం దీనిని ఆలోచించనే వద్దు.

మూడో అమరిక: రెండు TIP41C లు

వేడిని రెండు ట్రాన్సిస్టర్లకు పంచితే మొదటి రెండు అడ్డంకులూ ఒక్కొక్కటి రెండు దారులుగా చీలిపోతాయి. ఒక్కొక్క దానిలో 6 వాట్లే ఉంటాయి కనుక మైకా ఉన్నప్పటికీ జంక్షన్‌కూ సింక్‌కూ మధ్య తేడా 41 నుంచి 20.5 డిగ్రీలకు పడిపోతుంది. సింక్‌లో మొత్తం వేడి మాత్రం 12 వాట్లే. సింక్ ఇప్పుడు 104 డిగ్రీల దాకా పోవచ్చు, నిరోధం వాట్‌కు 4.5 °C ఉన్నా చాలు.

అయితే రెండు ట్రాన్సిస్టర్లు తమంతట తాము సమానంగా పంచుకోవు. ఎక్కువ వేడెక్కిన దానికి బేస్ ఎమిటర్ వోల్టేజీ తగ్గుతుంది, అది ఇంకా ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. దీనిని అదుపు చేయడానికి ఒక్కొక్క ఎమిటర్‌లో 0.22 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. అప్పటికీ పంపకం 60, 40 గా ఉండవచ్చని లెక్క వేయడం జాగ్రత్త అనిపించుకుంటుంది. ఆ లెక్కలో ఎక్కువ మోసే ట్రాన్సిస్టర్‌కు 7.2 వాట్లు, దానికి సింక్ వరకు 24.6 డిగ్రీలు; సింక్ నిరోధం 4.2 కు దిగుతుంది, దిద్దుబాటు తరువాత కేటలాగ్‌లో 3.8. బోర్డు మీద విడిభాగాలు పెరిగాయి, రెండు మైకాలు, రెండు బుష్‌లు, రెండు రెసిస్టర్లు వచ్చి చేరాయి. చేతిలో TO-220 ట్రాన్సిస్టర్లు ఉన్నవారికి ఇది నచ్చవచ్చు గానీ, కొత్తగా కొనేవారికి తరువాతి అమరికే మేలు.

నాలుగో అమరిక: ఒకే ట్రాన్సిస్టర్, పెద్ద ప్యాకేజీ

TIP35C కూడా ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టరే, జంక్షన్ హద్దు అదే 150 °C. తేడా అంతా పరిమాణంలో ఉంది: లోపలి సిలికాన్ పెద్దది, వెనుక లోహపు పలక వెడల్పైనది. అందువల్ల జంక్షన్ నుంచి కేస్ వరకు నిరోధం వాట్‌కు 1.0 °C. పలక వైశాల్యం ఎక్కువ కనుక గ్రీజు పూసిన మైకాతో కేస్ నుంచి సింక్ వరకు 0.8 అని తీసుకోవచ్చు. రెండూ కలిపి 1.8, అంటే 12 వాట్ల దగ్గర 21.6 డిగ్రీలు. TIP41C లు రెండు కలిసి చేసిన పనిని దాదాపుగా ఇది ఒక్కటే చేస్తోంది, పంపకం గొడవ లేకుండా. సింక్‌కు మిగిలేది 4.45, దిద్దుబాటు తరువాత కేటలాగ్‌లో 4.0 అని ఉన్నది సరిపోతుంది.

మొదటి అమరికలో 2.3 కావలసి వచ్చింది, ఇక్కడ 4.0. సహజ గాలితో చల్లబడే సింక్‌లలో ఘన పరిమాణం నిరోధానికి సుమారుగా విలోమంగా నడుస్తుంది కనుక సింక్ సగానికి కాస్త పైన ఉంటే చాలు. ట్రాన్సిస్టర్‌కు అదనంగా పెట్టే ఖర్చు అల్యూమినియంలో ఆదా అయ్యేదాని కన్నా సాధారణంగా చాలా తక్కువ. పెట్టె లోపల సింక్ పెట్టే పరిస్థితి ఉంటే నా ఎంపిక ఇదే.

ఏ ప్యాకేజీ అయినా ఒకటే అయ్యే సందర్భం

నాలుగో అమరికలో సింక్ ఉష్ణోగ్రత ఎంతో చూడండి: 50 డిగ్రీల గాలి మీద మరో 52, అంటే 102 °C. జంక్షన్ క్షేమంగా 124 దగ్గర ఉంది, కానీ సింక్ నీళ్ళు మరిగే వేడిలో ఉంది. పెట్టె లోపల, చేతికి అందని చోట ఉంటే పర్వాలేదు. ఫిల్టర్ కెపాసిటర్‌ను మాత్రం దానికి ఆనుకుని పెట్టకూడదు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ సుమారు సగం ఆయుర్దాయం పోగొట్టుకుంటుంది.

సింక్ పెట్టె వెనుక గోడ మీద బయటకు ఉండి, ఎవరైనా తాకే వీలుంటే కథ మారిపోతుంది. లోహం 65 °C దాటకూడదని నియమం పెట్టుకున్నామనుకుందాం. బయటి గాలి 40 డిగ్రీలు అనుకుంటే సింక్‌కు దక్కేవి 25 డిగ్రీలు, 12 వాట్లకు నిరోధం 2.1, తక్కువ తేడా కారణంగా దిద్దుబాటు ఇంకా పెద్దది కనుక కేటలాగ్‌లో 1.6. ఈ లెక్కలో ట్రాన్సిస్టర్ ఊసే రాలేదు. 65 డిగ్రీల సింక్ మీద TIP41C ను మైకాతో బిగించినా జంక్షన్ 106 దగ్గరే ఉంటుంది, TIP35C పెట్టినందువల్ల సింక్ ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు.

అందువల్ల కొనడానికి ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఇక్కడ హద్దు పెడుతున్నది జంక్షన్ ఉష్ణోగ్రతా, సింక్ ఉపరితల ఉష్ణోగ్రతా? జంక్షన్ అయితే డబ్బును ప్యాకేజీ మీద, బిగింపు మీద పెట్టాలి. ఉపరితలం అయితే అల్యూమినియం మీద పెట్టక తప్పదు.

ఫ్యాన్ సంగతి

సహజ గాలిలో వాట్‌కు 6 °C ఉన్న చిన్న సింక్ మీద ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే నిరోధం సగానికో, ఇంకా కిందికో దిగుతుంది. కచ్చితమైన విలువ గాలి వేగాన్ని బట్టి తయారీదారు గీత నుంచే తీసుకోవాలి. స్థలం లేని చోట ఇది ఆకర్షణీయంగా ఉంటుంది. నేను ఒక్క పరీక్ష పెడతాను: ఫ్యాన్ ఆగిపోతే జంక్షన్ ఎక్కడికి పోతుంది? 12 వాట్లకు సింక్ 72 డిగ్రీలు పెరిగి 122 కు చేరుతుంది. TIP41C, మైకాతో అయితే జంక్షన్ 163, అంటే హద్దు దాటిపోయింది. TIP35C తో అయితే 144, కష్టంగానైనా హద్దు లోపలే ఉంది. దుమ్ము పట్టి ఆగిన ఫ్యాన్ ఒక సప్లైని చంపేయకూడదు కనుక, ఫ్యాన్ ఎంచుకునేవారికి పెద్ద ప్యాకేజీ సౌకర్యం కాదు, తప్పనిసరి.

షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు

ఇంతవరకు అవుట్‌పుట్ మామూలుగా పనిచేస్తున్నప్పటి లెక్క చూశాం. అవుట్‌పుట్ తీగలు రెండూ ఒకదానికొకటి తగిలితే 20 వోల్టులూ ట్రాన్సిస్టర్ మీదే పడతాయి. కరెంటును 1.8 ఆంపియర్ల దగ్గర స్థిరంగా ఆపే సర్క్యూట్ ఉందనుకుంటే వ్యయం 36 వాట్లు. ఈ అసాధారణ స్థితిలో జంక్షన్‌ను 150 దాకా పోనిచ్చినా 100 డిగ్రీలను 36 తో భాగిస్తే వాట్‌కు 2.78 °C. TIP41C లోపలి నిరోధమూ మైకా నిరోధమూ కలిపితేనే 3.42. సింక్‌కు మిగిలేది సున్నా కన్నా తక్కువ. అంటే ఎంత పెద్ద సింక్ తెచ్చినా ఈ ట్రాన్సిస్టర్ నిలబడదు. లెక్కలో రుణ సంఖ్య వచ్చినప్పుడు దాని అర్థం ఎక్కడో గుణకారం తప్పిందని కాదు, పరిష్కారం సింక్‌లో లేదని.

TIP35C పెడితే సింక్‌కు 0.98 మిగులుతుంది. సాధ్యమే, కానీ మామూలుగా 12 వాట్లు వ్యయమయ్యే సప్లైకి అది ఎవరూ మోయని బరువు. అవుట్‌పుట్ వోల్టేజీ పడిపోయే కొద్దీ కరెంటు హద్దును కూడా తగ్గించే ఫోల్డ్‌బ్యాక్ పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుంది. 12 వోల్టుల దగ్గర 1.8 ఆంపియర్లు, పూర్తి షార్ట్‌లో 0.5 ఆంపియర్లు ఉండేలా అమరిస్తే షార్ట్‌లో వ్యయం 10 వాట్లే. ఐతే రెండు కొసలూ చూసి ఊరుకోకూడదు. మధ్యలో, అవుట్‌పుట్ 7.7 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు కరెంటు ఇంకా 1.33 ఆంపియర్లు ఉంటుంది, ట్రాన్సిస్టర్ మీద 12.3 వోల్టులు ఉంటాయి, వ్యయం 16.4 వాట్లకు చేరుతుంది. ఫోల్డ్‌బ్యాక్ సప్లైలో అత్యధిక వేడి ఉండేది ఇలాంటి సగం షార్ట్‌లోనే.

నాలుగో అమరిక దీనిని తట్టుకుంటుందా? కేటలాగ్‌లో 4.0 అని ఉన్న సింక్ 16.4 వాట్లకు సుమారు 67 డిగ్రీలు పెరుగుతుంది, 117 °C. దాని మీద జంక్షన్ వరకు మరో 29.5 డిగ్రీలు. మొత్తం సుమారు 147. హద్దు 150 కు కింద ఉంది, కానీ ఊపిరి పీల్చుకునే చోటు లేదు. సింక్ మీద 110 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఉష్ణ స్విచ్ ఒకటి బిగిస్తే సాధారణ స్థితిలోని 102 కు అది అడ్డు రాదు, దీర్ఘకాలం సాగే ఓవర్‌లోడ్‌లో మాత్రం సప్లైని ఆపేస్తుంది.

బిగించిన తరువాత కొలవడం

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా బిగింపు చేతిపని కనుక ఒకసారి కొలిచి చూడాలి. అవుట్‌పుట్‌కు 8 ఓమ్‌ల లోడ్ రెసిస్టర్ పెట్టి, ఇన్‌పుట్‌ను కెపాసిటర్ మీద 20 వోల్టులు వచ్చేలా సర్ది, పెట్టె మూత మూసి నడపాలి. ఆ రెసిస్టర్‌లోనూ 18 వాట్లు వ్యయమవుతాయి కనుక అది పెట్టె బయట ఉండాలి, లేకపోతే అదే లోపలి గాలిని వేడి చేసి కొలతను పాడు చేస్తుంది. ఈ పరిమాణం సింక్ నిలకడకు రావడానికి దాదాపు గంట పడుతుంది. పది నిమిషాలకే చదివిన ఉష్ణోగ్రత చూసి సంతోషించకూడదు.

థర్మోకపుల్‌తో మూడు చోట్ల చదవాలి: సింక్ కింద పెట్టెలోని గాలి, ట్రాన్సిస్టర్ పక్కనే సింక్ తలం, ట్రాన్సిస్టర్ లోహపు పలక. పలక మీద 20 వోల్టులు ఉన్నాయి కనుక థర్మోకపుల్ కొనకు విద్యుత్ నిరోధక పొర ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద నిజం కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. అదొక్కటే ఉంటే కొలిచే చోట నల్లటి మ్యాట్ టేపు ముక్క అంటించి దాని మీద చదవాలి.

TIP35C, మైకా, గ్రీజుతో సరిగా బిగిస్తే 12 వాట్ల దగ్గర పలకకూ సింక్‌కూ మధ్య దాదాపు 10 డిగ్రీలు ఉండాలి. అది 30 కనిపిస్తే నిరోధం 0.8 బదులు 2.5 ఉందన్న మాట: గ్రీజు పూయలేదు, స్క్రూ వదులుగా ఉంది, రంధ్రం అంచున పైకి లేచిన లోహపు బర్ మిగిలి పలకను పైకి లేపుతోంది, లేదా ఒకదానికొకటి అతుక్కున్న రెండు మైకా రేకులు కలిసి వచ్చేశాయి. అలాంటప్పుడు సింక్ మారిస్తే ఏమీ కాదు, విప్పి మళ్ళీ బిగించాలి. పలకకూ సింక్‌కూ తేడా సరిగానే ఉండి సింక్ మాత్రం గాలి కన్నా 52 కు బాగా పైన ఉంటే రెక్కలను చూడాలి. అవి నిలువుగా ఉంటేనే గాలి వాటి మధ్య పైకి లేస్తుంది. అడ్డంగా పడుకోబెట్టినప్పుడు, పైనా కిందా మూత అడ్డుపడినప్పుడు కేటలాగ్ విలువ దక్కదు. రెక్కలు నల్లగా అనొడైజ్ చేసినవి కాక పచ్చి అల్యూమినియం అయితే వికిరణం ద్వారా పోయే వేడి కూడా చాలావరకు పోకుండా ఆగిపోతుంది.

రెండు తేడాలూ లెక్క ప్రకారమే ఉండి, పెట్టెలోని గాలి మాత్రం 50 బదులు 62 చూపిస్తే తప్పు సింక్‌దీ కాదు, ట్రాన్సిస్టర్‌దీ కాదు. ఆ 12 డిగ్రీలూ నేరుగా జంక్షన్‌కు చేరి దానిని 136 కు తీసుకుపోతాయి, ఉష్ణ స్విచ్ అకారణంగా తెరుచుకుంటున్నట్లు కనిపించేది కూడా అప్పుడే. సింక్‌కు సూటిగా కిందా పైనా పెట్టెకు రంధ్రాలు వేసి, మూత మూసి మరో గంట నడిపి మళ్ళీ చదవాలి.